లోన్, సిప్ పోస్టులకు క్యాప్షన్ రాయడం: హామీ ఇవ్వకుండా, నిబంధన దాటకుండా

క్యాప్షన్‌లో పెట్టబోయే అంకెను ముందుగా ఒక కాగితం మీద రాసి, దాని పక్కన ఈ ప్రశ్నకు జవాబు రాయండి: ఈ అంకెను ఎవరు, ఏ పత్రంలో ఒప్పుకున్నారు? బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే జవాబు దొరుకుతుంది, వడ్డీ రేటు రసీదు మీద ఉంటుంది. లోన్ అయితే రేటు, ఫీజు, కిస్తీ అన్నీ లెండర్ ఇచ్చే కేఎఫ్‌ఎస్ అనే ముఖ్య వివరాల పత్రంలో ఉంటాయి. మ్యూచువల్ ఫండ్ సిప్ అయితే ఏ పత్రంలోనూ ఉండదు. ఫండ్ హౌస్ గానీ ఫండ్ మేనేజర్ గానీ ఏడాదికి ఇంత అని ఎక్కడా సంతకం పెట్టరు. పత్రంలో ఉన్న అంకెను పూర్తిగా చెప్పాలి. పత్రంలో లేని అంకెను వచ్చి తీరేదిగా చెప్పకూడదు. సెబీ, ఆర్‌బీఐ, ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ నియమాల్లో క్యాప్షన్ రాసేవాళ్లకు తగిలేవి చాలావరకు ఈ రెండు మాటల్లోనే ఇమిడిపోతాయి.

పత్రంలో ఉన్న అంకెకూ హద్దులుంటాయి. డిపాజిట్ రేటు రాసేటప్పుడు అది ఏ కాలవ్యవధికో, ఏ తేదీ నుంచి అమల్లో ఉందో పక్కనే ఉండాలి. బ్యాంకు డిపాజిట్‌కు డీఐసీజీసీ బీమా ఒక్కో డిపాజిటర్‌కు ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి రూ. 5 లక్షల వరకే వర్తిస్తుంది. ఎన్‌బీఎఫ్‌సీల్లో, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీల్లో, పెట్టే డిపాజిట్లకు ఆ బీమా లేదు. కాబట్టి ఎన్‌బీఎఫ్‌సీ డిపాజిట్ పోస్టులో "బ్యాంకులో ఉన్నంత భద్రం" అని రాస్తే, రేటు నిజమే అయినా క్యాప్షన్ అబద్ధమవుతుంది.

సిప్ క్యాప్షన్: ఒకటి విప్పి చూద్దాం

రోజూ కళ్లబడే రకం ఇది:

"నెలకు 5 వేలు సిప్ కడితే 20 ఏళ్లలో 50 లక్షలు! ఎఫ్‌డీ కంటే మూడు రెట్లు మేలు. రిస్క్ భయం వద్దు, మేమున్నాం. ఈరోజే మొదలుపెట్టండి."

యాభై లక్షలు ఎలా వచ్చాయో చూడండి. నెలకు రూ. 5,000 చొప్పున 240 నెలలు కడితే మీ చేతి నుంచి వెళ్లేది రూ. 12 లక్షలు. ఏటా 12 శాతం వస్తుందని అనుకుంటే కాలిక్యులేటర్ దాదాపు రూ. 49.96 లక్షలు చూపిస్తుంది. అదే కాలిక్యులేటర్‌లో 12 తీసి 8 పెట్టండి, రూ. 29.6 లక్షలకు దిగుతుంది. ఊహించుకున్న రేటు నాలుగు శాతం తగ్గితే ఇరవై లక్షలు మాయమయ్యాయన్నమాట. పోస్టు చదివిన మనిషికి ఆ 12 ఎక్కడా కనపడలేదు, కనపడింది 50 లక్షలే. నియంత్రణ సంస్థలు "తప్పుదోవ పట్టించడం" అని పిలిచేది సరిగ్గా దీన్నే.

ఇక భాష సంగతి. తెలుగులో "కడితే... వస్తాయి" అనే నిర్మాణమే ఒక ఒప్పందంలా వినిపిస్తుంది. ఇది చేస్తే అది జరుగుతుంది, మధ్యలో అనుమానానికి చోటు లేదు. "గ్యారంటీ" అనే మాట రాయలేదు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ మాట లేకుండానే హామీ ఇచ్చే మాటలు మన దగ్గర బోలెడు: ఖాయం, పక్కా, ఢోకా లేదు, భరోసా, నిశ్చింతగా ఉండండి, నష్టమే ఉండదు, డబ్బు రెట్టింపు. క్యాప్షన్ రాసిన తర్వాత వీటి కోసం ఒకసారి వెతకండి. "వస్తుంది, అవుతుంది, పెరుగుతుంది" అని ముగిసే ప్రతి వాక్యం దగ్గరా ఆగండి.

ఆగిన చోట చాలామంది చేసే మరమ్మతు "వస్తాయి"ని "రావచ్చు" చేయడం. అది సరిపోదు. "50 లక్షలు రావచ్చు" అన్నా చదివేవాడి మనసులో నిలిచేది యాభై లక్షలే. క్రియను మెత్తబరచడం కాదు, అంకెనే తీసేయాలి. భవిష్యత్తు మొత్తాన్ని చూపించక తప్పదంటే ఫండ్ హౌస్ ఆమోదించి ఇచ్చిన మెటీరియల్‌నే, మార్చకుండా, ఊహించిన రేటు కనిపించేలా వాడండి. అందులోంచి పెద్ద అంకెను మాత్రం కత్తిరించి క్యాప్షన్‌లో అతికించొద్దు.

మరో మాట మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి: వడ్డీ. మ్యూచువల్ ఫండ్ వడ్డీ ఇవ్వదు. "నెల నెలా వడ్డీలా చేతికి డబ్బు" అని ఎస్‌డబ్ల్యూపీ గురించి రాస్తుంటారు. ఎస్‌డబ్ల్యూపీలో చేతికొచ్చేది మీ సొంత యూనిట్లు అమ్మిన డబ్బు. మార్కెట్ పడినప్పుడు అదే మొత్తం కోసం ఎక్కువ యూనిట్లు అమ్ముడవుతాయి, అసలు కరిగిపోతుంది. డివిడెండ్ విషయంలో ఈ గందరగోళం ఉందనే 2021 ఏప్రిల్ నుంచి సెబీ ఆ ఆప్షన్ పేరునే మార్పించింది. చేతికొచ్చేది సొంత పెట్టుబడిలోని కొంత భాగమే కావచ్చని పేరులోనే తెలిసేలా "ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్", పొట్టిగా ఐడీసీడబ్ల్యూ, అని పెట్టించింది. "వడ్డీ" తీసేసి "రాబడి" అనండి, ఎస్‌డబ్ల్యూపీకి "యూనిట్లు అమ్మి నెలనెలా తీసుకునే మొత్తం" అనండి. పొడుగే, కానీ నిజం.

"ఎఫ్‌డీ కంటే మూడు రెట్లు" అన్న పోలిక కూడా పోవాలి. ఒప్పుకున్న అంకెను ఊహించిన అంకెతో పోల్చడం అది. "మేమున్నాం, భయం వద్దు" అన్నది రిస్క్‌ను డిస్ట్రిబ్యూటర్ తన భుజాన వేసుకున్నట్టు వినిపిస్తుంది. నష్టం వచ్చిన రోజున ఫిర్యాదుకు జతచేసే స్క్రీన్‌షాట్ అదే అవుతుంది.

ఇన్ని తీసేశాక ఏం మిగులుతుందని అడగొచ్చు. మిగిలేది ఉత్పత్తి ఎలా పనిచేస్తుందన్న విషయం, ఎవరికి సరిపోతుందన్న విషయం. ఈ రెండూ రాయడానికి అడ్డు లేదు:

"జీతం పడ్డ తేదీకే సిప్ తేదీ పెట్టుకుంటే నెలాఖరుకు మిగిలితే చూద్దాం అనే బాధ ఉండదు. మార్కెట్ తగ్గిన నెలలో అదే డబ్బుకు ఎక్కువ యూనిట్లు, పెరిగిన నెలలో తక్కువ యూనిట్లు వస్తాయి. విలువ తగ్గే కాలమూ ఉంటుంది, పెట్టిన దానికంటే తక్కువ కూడా రావచ్చు. ఏడు, ఎనిమిదేళ్ల దాకా ఈ డబ్బు అవసరం లేనివాళ్లు ఈక్విటీ ఫండ్ గురించి అడగండి."

ఇందులోనూ "ఎక్కువ యూనిట్లు వస్తాయి" అనే వాక్యం ఉంది చూడండి. అది ఉండొచ్చు, ఎందుకంటే అది లెక్క. ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, తగ్గితే అదే డబ్బుకు యూనిట్లు పెరగక తప్పదు. ప్రతి "వస్తుంది"నీ నరికేయమని కాదు. వెనక గణితమో ఒప్పందమో ఉంటే ఉంచండి, ఆశ మాత్రమే ఉంటే తీసేయండి.

గత రాబడి రాయాలనిపిస్తే

"ఈ ఫండ్ పోయిన ఏడాది 42% ఇచ్చింది" అన్నది నిజమే కావచ్చు. అయినా అలా ఒక్క ముక్క రాయడానికి వీల్లేదు. స్కీమ్ పనితీరు ప్రకటనల్లో ఒక ఏడాది, మూడేళ్లు, అయిదేళ్లు, మొదలైనప్పటి నుంచి, ఇన్ని కాలాల రాబడీ చూపాలి. పక్కన బెంచ్‌మార్క్ రాబడి, రూ. 10,000 పెట్టుబడి ఎంతైందన్న లెక్క ఉండాలి. గత పనితీరు మున్ముందు కొనసాగవచ్చు, కొనసాగకపోవచ్చు అని కూడా చెప్పాలి. బాగున్న కాలాన్ని ఏరుకుని చూపించకుండా అడ్డుకోవడమే దీని ఉద్దేశం. ఇదంతా క్యాప్షన్‌లో పట్టదు. అందుకే క్యాప్షన్‌లో శాతం రాయకుండా, ఫండ్ హౌస్ ఫ్యాక్ట్‌షీట్ పేజీని ఉన్నదున్నట్టు బొమ్మగా పెట్టడమే సులువు. స్కీమ్ పేరుతో, ఫండ్ హౌస్ లోగోతో సొంత డిజైన్ చేయాలంటే ముందుగా ఆ ఫండ్ హౌస్ రాతపూర్వక అనుమతి తీసుకోండి.

సెబీలో నమోదైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లకు, రీసెర్చ్ అనలిస్టులకు 2023లో వచ్చిన ప్రకటనల నియమావళి ఇంకా కఠినం. సెబీ గుర్తించిన సంస్థ ధ్రువీకరించిన లెక్క తప్ప వాళ్లు తమ గత పనితీరును ప్రకటనలో ప్రస్తావించకూడదు, క్లయింట్ల మెచ్చుకోళ్లు పెట్టకూడదు, "నంబర్ వన్", "బెస్ట్" అనకూడదు, సెబీ లోగో వాడకూడదు. క్లయింట్ పంపిన "థ్యాంక్యూ సార్, డబ్బు డబుల్ అయింది" వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్ కూడా టెస్టిమోనియలే. దాన్ని స్టోరీలో పెట్టి, క్యాప్షన్ మేం రాయలేదు కదా అంటే చెల్లదు.

మీరెవరో రాయండి

డిస్ట్రిబ్యూటర్ పోస్టయితే "యాంఫీ రిజిస్టర్డ్ మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్" అని, ఏఆర్‌ఎన్ నంబరుతో సహా ఉండాలి. అడ్వైజర్‌గా నమోదు కాకుండా "వెల్త్ అడ్వైజర్", "ఫైనాన్షియల్ అడ్వైజర్" అని పెట్టుకోవడం కుదరదు. పేజీ పేరులో ఆ మాట ఉండిపోయి, క్యాప్షన్ మాత్రం శుభ్రంగా ఉండటం తరచూ కనిపించే లోపం. సిప్ మొదలుపెడితే గిఫ్ట్ వోచర్ ఇస్తామనీ రాయకండి. కమిషన్‌లో వాటా వెనక్కి ఇవ్వడం, కానుకలతో ఆకర్షించడం డిస్ట్రిబ్యూటర్లకు నిషిద్ధం.

డబ్బు తీసుకుని ఇన్‌ఫ్లుయెన్సర్ పెట్టే పోస్టుకు "ప్రకటన" లాంటి లేబుల్ మొదటి రెండు వరుసల్లోనే ఉండాలి, "మోర్" నొక్కితే కనిపించేలా కాదు. ఏఎస్‌సీఐ నియమం ప్రకారం 15 సెకన్ల లోపు వీడియోలో ఆ లేబుల్ కనీసం 3 సెకన్లు కనిపించాలి. 15 సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపు వీడియో అయితే నిడివిలో మూడో వంతు ఉండాలి. పెట్టుబడి సలహా చెప్పేవాళ్లయితే సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరూ చూపాలి. పైగా రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలిచ్చే వ్యక్తులతో, రాబడులు ప్రకటించే వ్యక్తులతో సెబీ పరిధిలోని సంస్థలు చేతులు కలపకూడదని 2024లో నియమం వచ్చింది. "కేవలం అవగాహన కోసం" అని చివర రాసేస్తే సరిపోతుందనుకోవడానికీ 2025 జనవరిలో తెరపడింది. అవగాహన పేరుతో మాట్లాడేవాళ్లు గడచిన మూడు నెలల మార్కెట్ ధరలతో షేర్లను చూపించకూడదని అప్పటి సెబీ సర్క్యులర్ చెప్పింది.

హెచ్చరిక వాక్యం

మ్యూచువల్ ఫండ్ పోస్టుకు ప్రామాణిక హెచ్చరిక తప్పనిసరి: "మ్యూచువల్ ఫండ్ పెట్టుబడులు మార్కెట్ రిస్క్‌లకు లోబడి ఉంటాయి, స్కీముకు సంబంధించిన అన్ని పత్రాలను జాగ్రత్తగా చదవండి." ఫండ్ హౌస్ తన తెలుగు ప్రకటనల్లో వాడే పాఠాన్ని అక్షరం మార్చకుండా తీసుకోండి, మీ సొంత సరదా తర్జుమా వద్దు. క్యాప్షన్ తెలుగులో, హెచ్చరిక ఇంగ్లిష్‌లో పెట్టడం మరో పొరపాటు. 2022 నాటి తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం డిస్‌క్లెయిమర్ కూడా ప్రకటనలోని వాదన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అదే ఫాంట్‌లో ఉండాలి. బొమ్మ మీద పెద్దక్షరాల్లో వాదన ఉంటే, హెచ్చరిక కూడా బొమ్మ మీదే చదవగలిగే సైజులో రావాలి. వీడియోలో దాన్ని గబగబా చదివేయకూడదు, తెర మీదా గొంతులోనూ కనీసం 5 సెకన్లు పట్టనివ్వండి.

అదే మార్గదర్శకాల్లో ఇంకో మాట ఉంది: డిస్‌క్లెయిమర్ అసలు వాదనకు విరుద్ధంగా ఉండకూడదు. పైన "నష్టమే లేదు", కింద "మార్కెట్ రిస్క్‌లు ఉంటాయి" అని రాస్తే కింది వాక్యం పై వాక్యాన్ని కాపాడదు. పై వాక్యం అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

లోన్ క్యాప్షన్: ఇక్కడ దాచడమే తప్పు

లోన్ విషయంలో సమస్య తలకిందులు. అంకె ఒప్పందంలో ఉంటుంది, కానీ క్యాప్షన్ దాన్ని సగమే చెబుతుంది. ఇది చూడండి:

"లక్ష రూపాయల లోన్ 10 నిమిషాల్లో! నెలకు కేవలం 1% వడ్డీ. సిబిల్ అక్కర్లేదు, అందరికీ అప్రూవల్ గ్యారంటీ."

నెలకు 1 శాతం అంటే ఏడాదికి 12 అని చదివేవాళ్లు అనుకుంటారు. అది ఫ్లాట్ రేటయితే లెక్క ఇలా ఉంటుంది. లక్ష మీద 12 నెలల వడ్డీ రూ. 12,000, మొత్తం రూ. 1,12,000, నెల కిస్తీ రూ. 9,333. ప్రాసెసింగ్ ఫీజు పన్నుతో కలిపి రూ. 2,360 ముందే పట్టుకుంటే చేతికొచ్చేది రూ. 97,640. ఇప్పుడు అసలు రేటును స్ప్రెడ్‌షీట్‌లో ఇలా చూడండి:

```
=RATE(12,-9333,97640)*12
```

జవాబు దాదాపు 26.1 శాతం. ఫీజు లేకపోయినా 21 శాతం దాటుతుంది. కారణం సూటిగానే ఉంది. ప్రతి కిస్తీతో అసలు తగ్గుతూ పోతుంది, చివరి నెలకు తొమ్మిది వేల చిల్లరే మిగులుతుంది. ఫ్లాట్ పద్ధతిలో వడ్డీని మాత్రం ఆ నెలలో కూడా లక్ష మీదే వేస్తారు.

ఈ మొత్తం ఖర్చును ఏడాది రేటుగా చూపేదే ఏపీఆర్. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ లోన్లన్నిటికీ దాన్ని కేఎఫ్‌ఎస్‌లో చూపాలని ఆర్‌బీఐ చెప్పింది. కాబట్టి క్యాప్షన్‌కు మీరు లెక్కగట్టిన అంకె వాడకండి. లెండర్ కేఎఫ్‌ఎస్ నమూనా తెప్పించుకుని అందులోని ఏపీఆర్ రాయండి. పై సూత్రం సరిచూసుకోవడానికి. రెండిటికీ బాగా తేడా వస్తే ఏదో ఒక ఛార్జీ మీకు చెప్పలేదనే అర్థం, సాధారణంగా బీమా ప్రీమియం అలా దాగి ఉంటుంది.

సరిచేసిన క్యాప్షన్:

"పర్సనల్ లోన్, ఉదాహరణకు: రూ. 1 లక్ష, 12 నెలలు. కిస్తీ రూ. 9,333. ఫీజు, పన్ను రూ. 2,360 పోను చేతికి రూ. 97,640. ఏపీఆర్ 26.1%. లోన్ ఇచ్చేది: (ఎన్‌బీఎఫ్‌సీ లేదా బ్యాంకు పూర్తి పేరు). మీ ప్రొఫైల్‌ను బట్టి రేటు మారుతుంది, మంజూరు లెండర్ నిర్ణయం. సంతకానికి ముందు కేఎఫ్‌ఎస్ చదవండి."

"12% నుంచి మొదలు" అని రాయాలనుకుంటే గరిష్ఠ రేటు కూడా పక్కనే రాయండి. కనిష్ఠ రేటు దొరికేది కొద్దిమందికే, దరఖాస్తు చేసిన వాళ్లలో ఎక్కువమంది మోసపోయామనుకుంటారు. యాప్ పేరు మాత్రమే ఉండి లెండర్ పేరు లేని క్యాప్షన్‌ను పోస్టు చేయకండి. యాప్ కేవలం మధ్యవర్తి కావచ్చు, అప్పు ఇచ్చేది మాత్రం ఆర్‌బీఐ పరిధిలోని సంస్థే అయి ఉండాలి. "ఆర్‌బీఐ ఆమోదించిన యాప్" అన్న మాట కూడా వద్దు. లెండర్‌కు రిజిస్ట్రేషన్ ఉండటం వేరు, ఆర్‌బీఐ ఆ లోన్‌ను మెచ్చుకోవడం వేరు.

"అప్రూవల్ గ్యారంటీ" అనేది లోన్ ప్రపంచపు గ్యారంటీడ్ రిటర్న్. ఎవరి ఆదాయం, పాత అప్పులు చూడకముందే మాట ఇవ్వడం అది. "10 నిమిషాల్లో" అన్నది మంజూరైన తర్వాత డబ్బు జమయ్యే సమయమైతే అలాగే రాయండి, ఎప్పుడూ నిలబెట్టుకోగలిగితేనే. "జీరో వడ్డీ ఈఎంఐ" విషయంలో, సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీ భారం తయారీదారు భరిస్తే అలాగని రాయండి, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఎంతో చెప్పండి.

పోస్టు చేసే ముందు, చేశాక

క్యాప్షన్ ఒక్కటే కాదు, బొమ్మ మీది రాత, వీడియోలో మాట, థంబ్‌నెయిల్, హ్యాష్‌ట్యాగ్, పిన్ చేసిన కామెంట్, వాట్సాప్ ఫార్వర్డ్ అన్నీ ప్రకటన కిందికే వస్తాయి. వాక్యాలన్నీ జాగ్రత్తగా రాసి చివర #డబ్బుడబుల్ పెడితే అంతా వృథా. ఫోన్‌లో తెరిచి, "మోర్" నొక్కకుండా కనిపించే రెండు వరుసలనే చదవండి. ఆ రెండు వరుసలు చదివినవాడు ఏ అంకె నమ్మి వెళ్తాడు? ఆ అంకె హామీలా వినిపిస్తే, కింద ఎంత నిజాయితీగా రాసినా పోస్టు తిప్పి రాయాల్సిందే.

కామెంట్లలో అసలు జారిపోతుంటారు. "ఎంత వస్తుంది సార్?" అని ఒకరు అడిగితే, పేజీ చూసుకునే కుర్రాడు "12-15% పక్కా సార్" అని జవాబు పెడతాడు. దానికి ముందే ఒక జవాబు రాసి ఇవ్వండి: "రాబడి ముందే చెప్పలేమండీ, మార్కెట్‌ను బట్టి ఉంటుంది. స్కీమ్ ఫ్యాక్ట్‌షీట్ పంపమంటారా?"

ఆమోదం పొందిన క్యాప్షన్‌ను, ఆమోదించిన మెయిల్‌తో సహా, తేదీ వేసి దాచండి. అడ్వైజర్లు, అనలిస్టులు అయిదేళ్లు ఉంచాలి. లోన్ రేటు మారిన రోజున పాత పోస్టులన్నీ వెతికి సరిచేయండి లేదా తీసేయండి. ఆర్నెల్ల కిందటి రీల్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది, దాని కింద "మీరు చెప్పిన రేటు వేరు కదా" అన్న కామెంట్ ఈ రోజే రావచ్చు.